ఇంజిన్ లైట్ వచ్చిపోతుంటే ఏం రాసుకోవాలె, ముందు రోజుది కూడా ఎందుకు రాసుకోవాలె

ప్రశ్న: అన్నలు, నాది 2017 పెట్రోల్ కారు, హన్మకొండల ఉంటం. మీటర్ల పసుపు రంగు ఇంజిన్ బొమ్మ లైట్ రెండు నెలల సంది ఎప్పుడొస్తదో ఎప్పుడు పోతదో తెలుస్తలేదు. మెకానిక్ దగ్గరికి పోతే అప్పుడు లైట్ ఉండదు, "వచ్చినప్పుడు తీస్కరా" అంటడు. ఏమేం రాసి పెట్టుకుంటే ఆయనకి పనికొస్తది?

సమాధానం:

తమ్మీ, నేను 18 ఏండ్ల సంది వరంగల్‌ల కార్ల ఎలక్ట్రికల్ పని, స్కానింగ్ పని చేస్తున్న. ఇట్ల వచ్చిపోయే లైట్లతోని వచ్చేటోళ్ళని చానామందిని చూసిన, అందరు ఒక్క కాడనే తప్పిపోతరు. లైట్ ఎప్పుడు వెలిగిందో గుర్తు పెట్టుకుంటరు, అప్పుడు ఏం చేస్తున్నరో చెప్తరు, కానీ లైట్ వెలిగిన టైమూ లోపం జరిగిన టైమూ ఒకటే అనుకుంటరు. అది చానా సార్లు ఒకటి కాదు. ముందు ఈ సంగతి అర్థమైతే ఏం రాసుకోవాలెనో నీకే తెలుస్తది.

ఆ పసుపు ఇంజిన్ లైట్‌ని వెలిగించేది ఇంజిన్ కంప్యూటర్, మనం ఈసీఎం అంటం. అది ఒక్కసారి తేడా కనవడంగనే లైట్ వెయ్యదు. ఎక్కువ శాతం లోపాలకు అది ఏం చేస్తదంటే, మొదటిసారి తేడా కనపడితే లోపల ఒక కచ్చా కోడ్ రాసుకుంటది, దాన్ని పెండింగ్ కోడ్ అంటరు, లైట్ మాత్రం వెయ్యదు. బండి బంద్ చేసి మళ్ళ స్టార్ట్ చేసి నడిపినప్పుడు, అంటే తర్వాతి ట్రిప్పుల కూడా అదే తేడా కనపడితే అప్పుడు కోడ్ పక్కా అయి లైట్ వెలుగుతది. రెండో ట్రిప్పు మంచిగ పోతే ఆ కచ్చా కోడ్ దానంతట అదే పోతది, నీకు ఏమీ తెలువదు. కొన్ని లోపాలకు కొన్ని కార్లల మొదటిసారే వేస్తరు, కొన్నిటిల మూడోసారి దాకా ఆగుతరు, కానీ రెండు ట్రిప్పుల పద్ధతి చానా ఎక్కువ.

ఆరిపోవుడు కూడా ఇట్లనే ఆలస్యం. లోపం పోయినంక వెంటనే ఆరదు, వరుసగ మూడు ట్రిప్పులు ఆ తేడా లేకుంట పోవాలె, అప్పుడు ఆరుతది. అంటే లైట్ వచ్చిందంటే లోపం ఇప్పుడు ఉన్నది, దీనికి ముందు ట్రిప్పుల కూడా ఉండె అని అర్థం. లైట్ పోయిందంటే ఇప్పుడు బాగైందని కాదు, మూడు ట్రిప్పుల కిందటనే బాగైంది, కబురు మనకు ఇయ్యాల చేరింది, అంతే.

మరి లైట్ ఆరినంక ఏం మిగలదా అంటే, మిగుల్తది. కోడ్ మెమరీల ఉంటది. సుమారు 40 సార్లు ఇంజిన్ చల్లగ నుంచి పూర్తిగ వేడెక్కినంక గానీ అది చెరిగిపోదు. ఇక్కడ వేడెక్కుడు అంటే కూలెంట్ కనీసం 22 డిగ్రీలు పెరిగి 70 డిగ్రీలు దాటాలె, గల్లీ చివర కిరాణంకి పోయొస్తే లెక్కకు రాదు. రోజు పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి పనికి పోయొచ్చేటోనికి 40 అంటే సుమారు 20 రోజులు. అందుకే "లైట్ లేదు, వచ్చినప్పుడు తీస్కరా" అనే మాట సగమే నిజం. లైట్ ఆరి వారమే అయితే స్కానర్ పెట్టి చూడమని అడుగు, కోడ్ ఉండే అవకాశమే ఎక్కువ.

ఆ కోడ్ పక్కన ఇంకోటి ఉంటది, అది నాకు కోడ్ కంటే ఎక్కువ ఇష్టం. లోపం పట్టుకున్న క్షణంల బండి ఏ పరిస్థితిల ఉండెనో ఫోటో తీసినట్టు దాచుకుంటది, దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటరు. అప్పుడు కూలెంట్ ఎన్ని డిగ్రీలు, స్పీడ్ ఎంత, ఆర్‌పీఎం ఎంత, ఇంజిన్ మీద లోడ్ ఎంత, ఇవన్నీ అందుల ఉంటయ్. కానీ వాన పడ్డదా, ముందు రోజు బండి కడిగినవా, స్పీడ్ బ్రేకర్‌కి కింద తాకిందా, ఎటు దిక్కు మలిపినవ్, ఇవి అందుల ఉండయ్. కంప్యూటర్‌కి తెలిసింది అది రాసుకుంటది, దానికి తెలువని దాన్ని నువ్వు రాయాలె, రెండిట్ని పక్కపక్కన పెట్టి చూస్తే చానా మటుకు కేసు తేలుతది.

కోడ్ చెరిపేస్తే ఆ ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతది, చానా బండ్లల బ్యాటరీ వైర్ తీసి పెట్టినా పోతది. చానా షాపులల్ల ఏం చేస్తరంటే స్కానర్ పెట్టుడు, కోడ్ చూసుడు, చెరుపుడు, "వస్తే మళ్ళ రా" అనుడు. ఈ పని చేయనియ్యకు. చెరిపే ముందు కోడ్ నంబర్, పెండింగ్ కోడ్లు, ఫ్రీజ్ ఫ్రేమ్ పేజీ మూడిట్ని నీ ఫోన్‌తోని ఫోటో తీసుకుంటనని మర్యాదగ చెప్పు, ఎవ్వరూ కాదనరు.

ఇగ ఒక కేసు చెప్త, పోయిన వానకాలంది. హన్మకొండల ఉండే ఒక టీచర్ సారు, రోజు పరకాలకి పోయొస్తడు, పొద్దున ములుగు రోడ్డు మీదికెళ్ళి గుడెప్పాడ్ దాటి పోవుడు, సాయంత్రం అదే దారిల వచ్చుడు. ఇంజిన్ లైట్ వచ్చిపోతుంది, బండి నడకల ఏ తేడా లేదు, మైలేజీ తగ్గలేదు, వణుకు లేదు. ఒక షాపుల కోడ్ చూసి P0141 వచ్చింది, ఆక్సిజన్ సెన్సర్ పోయిందని వేల రూపాయలు పెట్టించి కొత్త సెన్సర్ వేసిన్రు. పదిహేను రోజులు మంచిగుండె, మళ్ళ వచ్చింది. అప్పుడు నా దగ్గరికి వచ్చిండు.

ఆ P0141 అంటే ఏందో చెప్త, ఎందుకంటే ఇందులనే తప్పు జరిగింది. సైలెన్సర్ పైపుల పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ అవతల, బండి కింది దిక్కు ఒక ఆక్సిజన్ సెన్సర్ ఉంటది. అది వేడెక్కితేనే పనిచేస్తది, అందుకని దాని లోపల చిన్న హీటర్ తీగ ఉంటది. ఆ హీటర్‌కి పోయే కరెంట్ దారిల తేడా వచ్చిందని ఆ కోడ్ చెప్తది. సెన్సర్ పోయింది అని చెప్తలేదు, దారి అంటుంది. దారి అంటే హీటర్ తీగ, వైర్, కనెక్టర్, ఫ్యూజ్, ఎర్త్, అన్నీ వస్తయ్. కోడ్ పేరుల సెన్సర్ అనే మాట కనపడంగనే సెన్సర్ మార్చుడు మా పనిల అన్నిటికంటే ఎక్కువ జరిగే తప్పు, నేను కూడా మొదట్ల ఒకరికి ఇట్లనే మార్చి మళ్ళ పైసలు వాపస్ ఇచ్చిన.

సారుని అడిగిన, ఎప్పుడొస్తది అని. "ఎప్పుడో పొద్దుగాల వస్తది, మంచి ఎండ ఉన్నప్పుడే వస్తది, హైవే ఎక్కినంక వస్తది, ఒక రెండు రోజులుండి పోతది" అన్నడు. వానకు వస్తుందా అంటే "లేదు, వాన పడ్డ రోజు ఎన్నడు రాలె" అని ఖాయంగ చెప్పిండు. అబద్ధం కాదు, ఆయన చూసింది ఆయన చెప్పిండు. కానీ ఎండల హైవే మీద ఎందుకొస్తదో నాకు అర్థం కాలె. అందుకని ఆ రోజు ఏం విప్పలేదు. ఒక చిన్న నోట్‌బుక్ బండిల పెట్టుమన్న, నెల రోజులు రాయమన్న.

ఏం రాయమన్ననంటే, బండి తీసిన ప్రతిసారి ఒక వరుస, లైట్ రాకపోయినా సరే. తారీఖు, టైం, స్టార్ట్ చేసేటప్పుడు ఇంజిన్ చల్లగుండెనా వేడిగుండెనా, ఎక్కడికి పోయినవ్, వాన గానీ నీళ్ళు గానీ, బండి ఎక్కడ పెట్టినవ్, లైట్ ఉన్నదా లేదా. లైట్ వచ్చిన రోజు మాత్రం ఇంకొంచెం ఎక్కువ. కిలోమీటర్ రీడింగ్, స్టార్ట్ చేసి ఎన్ని నిమిషాలైంది, స్పీడ్, ఏ గేర్, యాక్సిలరేటర్ తొక్కి ఉన్నవా వదిలి ఉన్నవా, ఏసీ ఉండెనా, మలుపు మీదనా గుంతల పడ్డంకనా, నడకల ఏమన్న తేడా తెలిసిందా. తెలువకపోతే "ఏం తేడా లేదు" అని రాయాలె, ఖాళీ వదిలితే చూడలేదా లేక తేడానే లేదా అన్నది మాకు తెలువదు.

ఇంకొకటి గట్టిగ చెప్పిన, ఇది నీకు కూడా చెప్తున్న. లైట్ "చూసిన" టైం ఒక్కటి రాస్తే చాలదు, "అంతకుముందు లైట్ లేదని చివరగ ఎప్పుడు చూసినవ్" అది కూడా రాయి. మనం రోడ్డు చూస్కుంట నడుపుతం, మీటర్ దిక్కు చూసేది ఎప్పుడో ఒకసారి. గుడెప్పాడ్ కాడ చూసినవంటే అక్కడ వచ్చినట్టు కాదు, ఇంటికాడి నుంచి అక్కడి దాకా ఎప్పుడైనా వచ్చి ఉండొచ్చు. అందుకని స్టార్ట్ చేసినంక ఒకసారి, ఊరు దాటేటప్పుడు ఒకసారి, చేరినంక ఒకసారి, ఇట్ల మూడు కాడల చూసే అలవాటు చేసుకో.

తాళం తిప్పంగనే ఇంజిన్ స్టార్ట్ కాకముందు ఆ లైట్ వెలుగుతది, స్టార్ట్ అయినంక ఆరుతది, అది మామూలే, బల్బు మంచిగున్నదా లేదా అని చూసుకునుడు. దాన్ని లైట్ వచ్చినట్టు రాయకు. కొందరు అట్ల రాసి మొత్తం లెక్క ఖరాబ్ చేస్తరు.

ఐదు వారాలకు సారు నోట్‌బుక్ తెచ్చిండు. మొత్తం నాలుగు సార్లు లైట్ వచ్చింది, నాలుగూ పొద్దటి ట్రిప్పులనే. ఒక్క వారంది చెప్త, మిగతావి కూడా గట్లనే ఉండె. సోమవారం సాయంత్రం పరకాల నుంచి వచ్చేటప్పుడు గట్టి వాన, ఊర్లకి వచ్చినంక నయీంనగర్ దిక్కు రోడ్డు మీద నీళ్ళు నిలిచినయ్, అందులకెళ్ళి మెల్లగ తీస్కొచ్చిండు, లైట్ లేదు. బండి ఇంటి ముందట చెట్టు కింద పెట్టిండు. మంగళవారం పొద్దున ఆకాశం నీలంగ ఉన్నది, ఇంటికాడ స్టార్ట్ చేసినప్పుడు లైట్ లేదు, గుడెప్పాడ్ కాడ చూస్తే ఉన్నది. మంగళవారం సాయంత్రం ఉన్నది, బుధవారం పొద్దున ఉన్నది, బుధవారం సాయంత్రం ఉన్నది, గురువారం పొద్దున స్టార్ట్ చేస్తే లేదు.

ఇప్పుడు పైన చెప్పిన లెక్క దీనికి పెట్టి చూడు. సోమవారం సాయంత్రం నీళ్ళల్లకెళ్ళి వచ్చినప్పుడు మొదటి తేడా, కచ్చా కోడ్, లైట్ లేదు. రాత్రంత చెట్టు కింద తడి ఆరలేదు, మంగళవారం పొద్దున రెండో తేడా, కోడ్ పక్కా, ఎండల లైట్ వెలిగింది. నలభై నిమిషాలు నడిచేసరికి సైలెన్సర్ వేడికి, బడి కాడ పొద్దంత ఎండకు తడి ఆరింది. మంగళవారం సాయంత్రం మంచిగ పోయిన ట్రిప్పు ఒకటి, బుధవారం పొద్దున రెండు, సాయంత్రం మూడు, గురువారం ఆరింది. ఆయనకు కనపడ్డదేమో ఎండల హైవే మీద వచ్చే లైట్, అసలుదేమో ముందు రోజు రాత్రి తడి.

కానీ ఒక్క చోట ఆగిన. ఆ ఐదు వారాలల్ల ఇంకో రెండు వానలు రాసి ఉన్నయ్, రెండిటికి కూడా నీళ్ళల్లకెళ్ళి వచ్చిండు, మర్నాడు లైట్ రాలె. వానే కారణమైతే వీటికి ఎందుకు రాలె? నోట్‌బుక్‌లనే జవాబు దొరికింది. ఆ రెండూ శనివారం సాయంత్రాలు. ఆదివారం బండి ఇంట్ల నుంచి తియ్యలేదు, పొద్దంత ఎండల ఉన్నది, సోమవారం తీసేసరికి ఆరింది, రెండో ట్రిప్పు మంచిగ పోయింది, కచ్చా కోడ్ పోయింది. లైట్ రాని రోజులు రాయకుంటే ఈ ముక్క దొరికేది కాదు, వానకు సంబంధం లేదని నేను కూడా పక్కన పెట్టేటోన్ని. అందుకే చెప్తున్న, రాని రోజులు రాయుడే అసలు పని, వచ్చిన రోజులు ఎట్లయినా గుర్తుంటయ్.

అప్పుడు స్కానర్ పెట్టిన. కోడ్ అదే P0141, ఫ్రీజ్ ఫ్రేమ్‌ల కూలెంట్ 46 డిగ్రీలు, స్పీడ్ 24. ఈ రెండు అంకెలు చాలు. 46 డిగ్రీలంటే ఇంజిన్ ఇంకా వేడెక్కలేదు, స్టార్ట్ చేసి కొద్ది నిమిషాలే, 24 స్పీడ్ అంటే ఊర్లనే ఉన్నడు. అంటే లైట్ గుడెప్పాడ్ కాడ కాదు, ఇల్లు దాటినంక కాసేపటికే వెలిగింది, ఆయన చూసింది అక్కడ. హీటర్ పనిలకి దిగే టైం కూడా అదే, పైపు చల్లగున్నప్పుడే దాని అవసరం ఎక్కువ. కథ అంతా ఒక్క దారిల పడ్డది.

బండి లిఫ్ట్ మీద ఎక్కించి చూస్తే, ఆ వెనక సెన్సర్ వైర్‌ని బాడీకి పట్టుకునే క్లిప్పు విరిగి ఉన్నది, వైర్ కిందికి వేలాడుతుంది, కనెక్టర్ నీళ్ళు చిమ్మే కాడికి వచ్చింది. కనెక్టర్ లోపల నీళ్ళు రాకుంట ఉండే రబ్బర్ సీల్ సగం చినిగింది. విప్పితే ఒక పిన్ను పచ్చగ చిలుం పట్టి ఉన్నది. ముందటి షాపుల కొత్త సెన్సర్ వేసినప్పుడు సెన్సర్ దిక్కు కనెక్టర్ కొత్తదే వచ్చింది, బండి దిక్కు ఉన్న సగం మాత్రం పాతదే, చిలుం దాంట్లనే ఉండె. పదిహేను రోజులు మంచిగుండుడు ఎందుకంటే ఆ పదిహేను రోజులు వానలు లేవు, అది కూడా సారు యాదికి తెచ్చుకొని చెప్పిండు.

చూసి ఊకోలేదు, రుజువు చేసిన. కనెక్టర్ మళ్ళ పెట్టి, ఇంజిన్ చల్లగున్నప్పుడు ఆ కనెక్టర్ మీద స్ప్రే సీసతోని నీళ్ళు కొట్టి, స్టార్ట్ చేసి పెట్టిన, కొద్దిసేపటికి పెండింగ్ కోడ్ వచ్చింది. ఇప్పుడు లైట్ కోసం రెండో ట్రిప్పు దాకా ఆగే పని లేదు, పెండింగ్ పేజీ చూస్తే చాలు, ఇది చానామంది వాడుకోరు. తర్వాత బండి దిక్కు కనెక్టర్ సీల్‌తోని కొత్తది వేసి, వైర్‌ని పైకి లేపి క్లిప్పు పెట్టి, కోడ్ అప్పుడు చెరిపి, మళ్ళ నీళ్ళు కొట్టి చూసిన, పెండింగ్ రాలె. సారుకి ఒక్కటే చెప్పిన, వచ్చే మూడు వానలకు మర్నాడు పొద్దున నా దగ్గర ఆగి పో, పెండింగ్ చూస్త అని. మూడు సార్లు చూసిన, ఏం లేదు. వానకాలం అయిపోయినంక కూడా లైట్ రాలె.

నీ బండిది కూడా ఇదే అని నేను అంటలేను. నీది ఇగ్నిషన్ కాయిల్ కావచ్చు, గాలి పైపు పగులు కావచ్చు, ఎలుక కొరికిన వైర్ కావచ్చు, మన దిక్కు బయట పెట్టే బండ్లకు ఎలుకలది మామూలే. ఏదైనా గానీ పద్ధతి ఇదే. కాయిల్ అయితే నీ నోట్‌బుక్‌ల "ఎక్కుడు కాడ తొక్కినప్పుడు వణికింది" అనే మాటలు వస్తయ్, మొదటి ట్రిప్పుల వణుకు, తర్వాతి ట్రిప్పుల లైట్. పైపు పగులు అయితే వేడి ఇంజిన్ మీద సిగ్నల్ కాడ ఆగినప్పుడు ఆర్‌పీఎం కిందిమీద అయినట్టు రాస్తవ్. వైర్ లూజు అయితే గుంతలు, స్పీడ్ బ్రేకర్లు, మలుపులు ఎక్కువ కనపడ్తయ్. ఏది వస్తదో ముందుగాల అనుకొని రాయకు, అనుకొని రాస్తే అదే కనపడ్తది. చూసింది రాయి, కారణం మాకు వదిలెయ్.

లైట్ మొదలైన దానికి ముందు నెలల బండికి ఏమేం పని అయిందో కూడా ఒక పేజీ రాయి. సర్వీసింగ్, బ్యాటరీ మార్చుడు, కొత్త హారన్ గానీ లైట్లు గానీ మ్యూజిక్ సిస్టం గానీ పెట్టించుడు, వాటర్ సర్వీసింగ్‌ల ఇంజిన్ మీద నీళ్ళు కొట్టించుడు, పెట్రోల్ ఎప్పుడు ఎంత కొట్టిచ్చినవ్, ట్యాంక్ ఎంతల ఉన్నప్పుడు లైట్ వచ్చింది. రెండు నెలల కింద మొదలైందంటే ఆ మొదటి వారం ముందు ఏం జరిగిందో ఇంట్ల అందర్ని అడుగు, బండి తీసేది నువ్వొక్కడివే కాకపోతే వాళ్ళ ట్రిప్పులు కూడా లెక్కనే. తమ్ముడు రాత్రి టీ తాగనీకి పోయొచ్చింది నీ నోట్‌బుక్‌ల లేకుంటే ట్రిప్పుల లెక్క తప్పుతది.

లైట్ వచ్చినప్పుడు ఫోటో తీయి, కానీ నడుపుకుంట కాదు, పక్కకు ఆపి, ఇంజిన్ బంద్ చెయ్యకుంట మీటర్ మొత్తం వచ్చేటట్టు తీయి. కిలోమీటర్లు, టెంపరేచర్, ఆర్‌పీఎం, ఇంకా వేరే ఏ లైట్ అయినా వెలుగుతుందా, అన్నీ ఒక్క ఫోటోల వస్తయ్. రెండు మూడు లైట్లు ఒక్కసారి వస్తే అది చానా ముఖ్యం, అప్పుడు మేం సెన్సర్ల దిక్కు కాదు, బ్యాటరీ టెర్మినల్, ఎర్త్ వైర్ దిక్కు ముందు చూస్తం.

చేతనైతే ELM327 అనే చిన్న అడాప్టర్ ఒకటి కొనుక్కో, స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌కి పెడితే బ్లూటూత్‌తోని ఫోన్‌ల కోడ్లు, పెండింగ్‌వి, ఫ్రీజ్ ఫ్రేమ్ కనపడ్తయ్. చూడనీకి మాత్రమే వాడు, చెరిపే బటన్ దిక్కు పోకు. కొన్నప్పుడు ఒకసారి పెట్టి మంచిగ కనెక్ట్ అయితుందా చూసుకో, చీప్‌వి కొన్ని అన్ని బండ్లకు పనిచెయ్యవు. వాడనప్పుడు తీసి పెట్టు, దినాల తరబడి బండి తియ్యకుంటే బ్యాటరీ దిగుతది.

ఈ నోట్‌బుక్ పద్ధతి పసుపు రంగుల నిలకడగ వెలిగే ఇంజిన్ లైట్‌కే. అదే లైట్ టపటప ఆరుకుంట వెలుగుకుంట ఉంటే వేరే సంగతి, ఇంజిన్‌ల మంట సరిగ పడుతలేదు, కాలని పెట్రోల్ కన్వర్టర్‌ల పడి కాలి దాన్ని కరగబెడ్తదని అర్థం. యాక్సిలరేటర్ వదిలి మెల్లగ పక్కకు ఆపు, అట్లనే నడపకు. ఎర్ర రంగుల ఆయిల్ డబ్బ బొమ్మ వస్తే, ఒక్క సెకండ్ మెరిసి పోయినా సరే, రాసుకునుడు తర్వాత, ముందు ఇంజిన్ బంద్ చేసి కొద్దిసేపాగి ఆయిల్ కడ్డీ తీసి చూడు. ఆయిల్ సరిపోను ఉన్నా సరే మెకానిక్ చూసేదాక స్టార్ట్ చెయ్యకు. ఎర్ర టెంపరేచర్ లైట్ కూడా అంతే, ఆపుడే. బ్రేక్‌ది ఎర్రది వస్తే హ్యాండ్ బ్రేక్ దించి ఉన్నదా చూడు, దించినా ఉంటే నడపకు.

ఇగ మెకానిక్ దగ్గరికి పోయినప్పుడు నోట్‌బుక్ చేతిల పెట్టి, "సెన్సర్ పోయినట్టున్నది" అని మొదలుపెట్టకు, ఆ మాట వింటే ఆయన కూడా అటే పోతడు. వచ్చిన రోజులు, పోయిన రోజులు, వాటి ముందు రోజు ఏం జరిగింది, ఇది చూపెట్టు. పొద్దున చల్ల ఇంజిన్ మీదనే వస్తుందని నోట్‌బుక్ చెప్తే, మధ్యాహ్నం వేడి బండి తీస్కపోయి లాభం లేదు, సాయంత్రం షాపుల వదిలిపెట్టి పొద్దున ఆయన్నే మొదటిసారి స్టార్ట్ చేయమని చెప్పు. గుంతలల్ల వస్తుందంటే ఆయన్ని పక్కన కూసోబెట్టుకొని ఆ రోడ్డుకే తీస్కపో. ఆ ఒక్క గంట మజూరీ అడిగితే ఇయ్యి, అనుమానం మీద మార్చే సెన్సర్ కంటే అది చానా తక్కువ.

నీ లైట్ చివరగ ఎప్పుడు ఆరిందో చూసుకో. ఇరవై రోజులు కాలేదంటే ఈ వారమే పోయి స్కానర్ పెట్టించి కోడ్, ఫ్రీజ్ ఫ్రేమ్ ఫోటోలు తీస్కో, చెరపనియ్యకు, ఆ సాయంత్రం నుంచే నోట్‌బుక్ మొదలుపెట్టు. మూడు సార్లు వచ్చిపోయినంక కోడ్ నంబర్, ఫ్రీజ్ ఫ్రేమ్‌ల కూలెంట్ డిగ్రీలు, స్పీడ్, ఆ తారీఖులు ముందు రోజుతో సహా ఇక్కడ పెట్టు, చూసి చెప్త.